ఎంథాల్పీ చక్రాలు, బంధ శక్తులు: ఇథనాల్ దహనం ఆధారంగా

రసాయన చర్య జరిగినప్పుడు ఎంత ఉష్ణం వెలువడుతుందో, ఎంత ఉష్ణం లోపలికి పోతుందో తెలుసుకోవడానికి నేరుగా కొలవడమే అన్నిటికన్నా మంచి మార్గం. కానీ చాలా చర్యల విషయంలో అది కుదరదు. కొన్ని మరీ నెమ్మదిగా జరుగుతాయి, కొన్నిటిలో పక్కచర్యలు కలిసిపోతాయి, మరికొన్ని కాగితం మీద తప్ప ప్రయోగశాలలో జరగనే జరగవు. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లను ఒక పాత్రలో ఉంచి ఎంతసేపు ఎదురుచూసినా ఇథనాల్ తయారుకాదు. అయినా ఆ చర్య ఎంథాల్పీ మార్పు మోల్‌కు −277.6 కిలోజౌళ్లని పట్టికల్లో కచ్చితంగా ఇస్తారు. అది చక్రం గీసి రాబట్టిన విలువ. ఇథనాల్ మండడాన్నే ఉదాహరణగా తీసుకుని ఆ చక్రం ఎలా గీయాలో, బంధ శక్తులతో అదే లెక్క ఎలా చేయాలో, రెండు జవాబులు ఎందుకు కలవవో ఈ వ్యాసం వివరిస్తుంది.

స్థిర పీడనం వద్ద వ్యవస్థ పుచ్చుకున్న ఉష్ణాన్ని ఎంథాల్పీ మార్పు అంటారు, ΔH అని రాస్తారు. ఉష్ణం బయటికి పోతే ΔH రుణాత్మకం, లోపలికి వస్తే ధనాత్మకం. ఇక్కడ ఇచ్చే విలువలన్నీ 25 డిగ్రీల సెల్సియస్, ఒక బార్ పీడనం వద్దవి. కిలోజౌల్‌ను కి.జౌ. అని క్లుప్తంగా రాస్తాం.

హెస్ నియమం

జెనీవాలో 1802లో పుట్టి రష్యాలో పెరిగిన జెర్మేన్ హెస్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రసాయన శాస్త్రవేత్తగా పనిచేశాడు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి వేర్వేరు మోతాదుల్లో నీళ్లు కలిపి, ఆ తర్వాత అమ్మోనియా ద్రావణంతో తటస్థీకరించి, ఒక్కో దశలో వచ్చే ఉష్ణాన్ని కొలిచాడు. నీళ్లు ఎక్కువ కలిపితే మొదటి దశలో ఎక్కువ ఉష్ణం, రెండో దశలో తక్కువ ఉష్ణం వచ్చేది. రెండూ కూడితే మాత్రం ఎప్పుడూ దాదాపు ఒకే మొత్తం. చర్య ఒకే అంచెలో జరిగినా పలు అంచెల్లో జరిగినా వెలువడే మొత్తం ఉష్ణం మారదని 1840లో ఆయన ప్రకటించాడు. శక్తి నిత్యత్వ నియమం ఇంకా రూపు దిద్దుకోని కాలమది. మేయర్, జౌల్‌ల పని ఆ తర్వాతి ఏళ్లలో వచ్చింది.

ఎంథాల్పీ పదార్థం ఉన్న స్థితిని బట్టి ఉంటుంది గాని, ఆ స్థితికి అది ఏ దారిలో వచ్చిందన్న దాన్ని బట్టి ఉండదు. అలిపిరి మెట్ల దారిన ఎక్కినా, ఘాట్ రోడ్డున బస్సులో వెళ్లినా తిరుపతికీ తిరుమలకీ మధ్య ఎత్తు తేడా ఒక్కటే అయినట్టు, మొదలూ చివరా ఒకటైతే దారి ఏదైనా ΔH ఒకటే. ఈ ఒక్క ఆధారంతోనే చక్రం నిలబడుతుంది.

నేరుగా కొలవలేని చర్యకు కార్బన్ మోనాక్సైడ్ మంచి ఉదాహరణ. కార్బన్‌ను చాలీచాలని గాలిలో మండిస్తే మోనాక్సైడ్‌తో పాటు డయాక్సైడ్ కూడా ఎంతోకొంత వస్తుంది. వచ్చిన ఉష్ణంలో ఏది దేని వాటా అన్నది విడదీయడం కష్టం. కానీ కార్బన్ పూర్తిగా మండితే −393.5 కి.జౌ., కార్బన్ మోనాక్సైడ్ మండితే −283.0 కి.జౌ. అని రెండూ విడివిడిగా కచ్చితంగా కొలవగలం. కార్బన్ నుంచి డయాక్సైడ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి మోనాక్సైడ్ దగ్గరికి వస్తే −393.5 + 283.0 = −110.5 కి.జౌ. వెనక్కి నడిచిన బాణానికి గుర్తు మారింది. అంతకుమించి ఇందులో చేసిందేమీ లేదు.

దహన చక్రం గీయడం

ఇప్పుడు ఇథనాల్ సంగతి. ప్రశ్న సాధారణంగా ఇలా ఉంటుంది: గ్రాఫైట్, హైడ్రోజన్, ఇథనాల్‌ల దహన ఎంథాల్పీలు వరసగా −393.5, −285.8, −1366.8 కి.జౌ./మోల్. ఇథనాల్ సంఘటన ఎంథాల్పీ ఎంత? సంఘటన ఎంథాల్పీ అంటే ప్రమాణ స్థితిలో ఉన్న మూలకాల నుంచి ఒక మోల్ పదార్థం ఏర్పడేటప్పటి ΔH. అందువల్ల ముందుగా ఈ సమీకరణాన్ని రాసుకోవాలి:

2C + 3H₂ + ½O₂ → C₂H₅OH

దీన్ని కాగితం పైభాగాన అడ్డంగా రాయాలి. ఎడమ పక్కనున్న మూలకాలన్నీ మండితే ఏమవుతాయి? రెండు CO₂, మూడు H₂O. కుడి పక్కనున్న ఇథనాల్ మండితే ఏమవుతుంది? అదే రెండు CO₂, మూడు H₂O. ఆ ఉమ్మడి పదార్థాలను కాగితం కింద రాసి, రెండు వైపుల నుంచీ కిందికి ఒక్కో బాణం గీస్తే చక్రం పూర్తవుతుంది. బాణం దిశ చర్య దిశను చూపుతుంది. దహన విలువలు ఇచ్చారు కాబట్టి రెండు బాణాలూ కిందికే దిగుతాయి.

ఎడమ బాణం విలువ: 2 × (−393.5) + 3 × (−285.8) = −787.0 − 857.4 = −1644.4 కి.జౌ. అర మోల్ ఆక్సిజన్‌కు విడిగా లెక్కలేదు, ఎందుకంటే ఆక్సిజన్ దానంతట అది మండదు. మండడానికి పైనుంచి చేర్చే మిగతా మూడు మోళ్ల ఆక్సిజన్ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది గనక అదీ రద్దవుతుంది. కుడి బాణం విలువ −1366.8. మూలకాల దగ్గర మొదలుపెట్టి ఎడమ బాణం వెంట కిందికి దిగి, కుడి బాణానికి ఎదురుగా పైకి ఎక్కాలి. కాబట్టి:

ΔH = −1644.4 − (−1366.8) = −277.6 కి.జౌ./మోల్

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సంఘటన విలువలు ఇచ్చిన లెక్కలో క్రియాజన్యాల మొత్తంలోంచి క్రియాజనకాల మొత్తం తీసేయాలి. దహన విలువలు ఇచ్చిన లెక్కలో క్రియాజనకాల మొత్తంలోంచి క్రియాజన్యాల మొత్తం తీసేయాలి. బంధ శక్తులైతే తెగిన వాటిలోంచి ఏర్పడిన వాటిని తీసేయాలి. ఈ మూడింటినీ మూడు సూత్రాలుగా బట్టీ పడితే పరీక్ష హాల్లో ఒకదాని బదులు మరొకటి వచ్చేస్తుంది. నిజానికి సూత్రాలు మూడు లేవు. సంఘటన బాణాలు కింద రాసిన మూలకాల దగ్గర మొదలై పైకి వెళ్తాయి, దహన బాణాలు పైనుంచి కిందికి దిగుతాయి. తేడా అంతా బాణం దిశలోనే ఉంది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఈ పాఠం చదివేవాళ్లు ప్రతి లెక్కకూ ఆ చిన్న బొమ్మ గీసుకుంటే గుర్తుల తప్పులు చాలావరకు పోతాయన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

జవాబు సరైనదో కాదో పోల్చుకునే ఉపాయం కూడా ఒకటుంది. గుర్తు తారుమారైతే ఇథనాల్ సంఘటన ఎంథాల్పీ +277.6 అని వస్తుంది. ఒకవేళ అదే నిజమైతే, ఇథనాల్ మండినప్పుడు వచ్చే ఉష్ణం దానిలోని కార్బన్, హైడ్రోజన్‌లు విడివిడిగా మండితే వచ్చే 1644 కన్నా ఎక్కువ ఉండాలి. ఇచ్చిన విలువ 1367 మాత్రమే కాబట్టి తప్పెక్కడో దొర్లిందని తెలిసిపోతుంది.

ద్రావణాలకూ ఇదే చక్రం వర్తిస్తుంది. అనార్ద్ర కాపర్ సల్ఫేట్ తెల్లని పొడి. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు వేస్తే నీలం రంగుకు మారుతూ వేడెక్కుతుంది. అదే మైలుతుత్తం. అయితే ప్రతి మోల్‌కూ సరిగ్గా అయిదు మోళ్ల నీరే పట్టేలా చూసి ఆ ఉష్ణాన్ని కొలవడం అసాధ్యం. అందుకని తెల్లని పొడిని బోలెడన్ని నీళ్లలో కరిగించి ఒకసారి (−66.5 కి.జౌ.), మైలుతుత్తాన్ని కరిగించి మరోసారి (+11.7 కి.జౌ.) కొలుస్తారు. రెండింటికీ చివరికి మిగిలేది ఒకే ద్రావణం. కాబట్టి కావలసిన విలువ −66.5 − 11.7 = −78.2 కి.జౌ./మోల్.

బంధ శక్తుల దారి

రెండో పద్ధతిలో చక్రం అడుగున మూలకాలూ ఉండవు, దహన ఫలితాలూ ఉండవు. విడివిడి పరమాణువులుంటాయి. క్రియాజనకాల్లోని బంధాలన్నీ తెంచి పరమాణువులుగా చేసి, వాటిని మళ్లీ కలిపి క్రియాజన్యాలు కట్టినట్టు ఊహిస్తాం. అసలు చర్య ఇలా జరగదు. మంటలో ఇథనాల్ అణువు ముందుగా పరమాణువులుగా విడిపోయి తర్వాత కలుసుకోదు. కానీ దారితో పని లేదు కాబట్టి ఊహాదారి అయినా చెల్లుతుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. బంధం తెగడానికి ఎప్పుడూ శక్తి పెట్టాలి, బంధం ఏర్పడితే ఎప్పుడూ శక్తి వెలువడుతుంది. ఇంధనంలో బంధాలు తెగడం వల్లే మంటలో వేడి వస్తుందన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. అది సరి కాదు. కొత్తగా ఏర్పడే బంధాలు పాత వాటికన్నా బలమైనవి కావడం వల్లే వేడి వస్తుంది.

C₂H₅OH + 3O₂ → 2CO₂ + 3H₂O

లెక్క మొదలుపెట్టే ముందు అణువుల నిర్మాణం గీసి బంధాలు లెక్కపెట్టాలి. ఫార్ములాలో H₅ అనీ OH అనీ ఉంది కాబట్టి ఆరు హైడ్రోజన్‌లనీ C–H బంధాలుగా లెక్కించేవాళ్లుంటారు. ఆరోది O–H బంధం. ఇథనాల్‌లో అయిదు C–H, ఒక C–C, ఒక C–O, ఒక O–H బంధం ఉన్నాయి. మూడు ఆక్సిజన్ అణువుల్లో మూడు O=O. సగటు బంధ శక్తులు C–H 413, C–C 347, C–O 358, O–H 464, O=O 498 కి.జౌ./మోల్ అని తీసుకుందాం.

తెగేవి: 5 × 413 + 347 + 358 + 464 + 3 × 498 = 2065 + 1169 + 1494 = 4728 కి.జౌ.

ఏర్పడేవి: రెండు CO₂ అణువుల్లో నాలుగు C=O, మూడు నీటి అణువుల్లో ఆరు O–H. CO₂లో C=O బంధ శక్తి 804. కాబట్టి 4 × 804 + 6 × 464 = 3216 + 2784 = 6000 కి.జౌ.

ΔH = 4728 − 6000 = −1272 కి.జౌ./మోల్

ఇక్కడ C=O విలువ దగ్గర జాగ్రత్త పడాలి. చాలా పట్టికల్లో C=O కింద 745కి అటూ ఇటూగా ఒక విలువ కనిపిస్తుంది. అది ఎసిటోన్ వంటి కీటోన్‌లలో ఉండే బంధానిది. కార్బన్ డయాక్సైడ్‌లో ఒకే కార్బన్‌కు రెండు పక్కలా ఆక్సిజన్ ఉండటంతో ఆ బంధాలు మరింత బలంగా ఉంటాయి. 745 వాడితే జవాబు −1036కు పడిపోతుంది. ఒక్క విలువ మారితే 236 కి.జౌ. తేడా వచ్చింది. పట్టికలో కార్బన్ డయాక్సైడ్‌కు విడిగా విలువ ఉందేమో ముందే చూసుకోవాలి.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూస్తే వేడి ఎక్కడి నుంచి వస్తుందో అర్థమవుతుంది. ఆక్సిజన్ అణువులో ఉన్నది ద్విబంధమే అయినా దాని బలం 498. ఒక్కో బంధానికి లెక్కేస్తే O–H ఏకబంధం కన్నా అది పెద్ద ఎక్కువేమీ కాదు. ఆ ఆక్సిజన్ CO₂గానో నీరుగానో మారితే ఒక్కో ఆక్సిజన్ పరమాణువు ఒక 804 బంధంలోనో రెండు 464 బంధాల్లోనో చేరుతుంది. అంటే వేడి రావడంలో ఇంధనం స్వభావం కన్నా ఆక్సిజన్ బంధం బలహీనత పాత్రే ఎక్కువ. అందుకే దహన ఎంథాల్పీని వాడిన ఆక్సిజన్ మోళ్లతో భాగిస్తే వేర్వేరు ఇంధనాలకు దగ్గరదగ్గర విలువలు వస్తాయి: మీథేన్‌కు 445, ఇథనాల్‌కు 456, గ్లూకోజ్‌కు 467, బెంజీన్‌కు 436 కి.జౌ.

రెండు జవాబుల మధ్య 95 కిలోజౌళ్లు

కొలిచిన విలువ −1367, బంధ శక్తుల లెక్క ఇచ్చింది −1272. తేడా 95 కి.జౌ. బంధ శక్తులు సగటు విలువలు కాబట్టి తేడా వచ్చిందని పరీక్షల్లో రాస్తే మార్కులు పడతాయి. కానీ ఈ లెక్కలో ఆ జవాబు చాలావరకు తప్పు.

బంధ శక్తి అంటే వాయు స్థితిలో ఉన్న అణువులో బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తి. కాబట్టి పైన వేసిన లెక్క ఇథనాల్ ఆవిరి మండి నీటి ఆవిరి ఏర్పడే చర్యది. కొలిచిన −1367 మాత్రం ద్రవ ఇథనాల్ మండి ద్రవ రూపంలో నీరు ఏర్పడే చర్యది. ఈ రెంటినీ కలపాలంటే చక్రానికి మరో రెండు అంచెలు చేర్చాలి. ద్రవ ఇథనాల్‌ను ఆవిరి చేయడానికి మోల్‌కు సుమారు 42 కి.జౌ. పెట్టాలి. మూడు మోళ్ల నీటి ఆవిరి చల్లబడి నీరైతే 3 × 44 = 132 కి.జౌ. వెలువడతాయి.

−1272 + 42 − 132 = −1362 కి.జౌ./మోల్

ఇప్పుడు మిగిలిన తేడా 5 కి.జౌ. మాత్రమే, అంటే అర శాతం కన్నా తక్కువ. సగటు విలువల వల్ల వచ్చిన తేడా అంతే. మిగతా 90 కి.జౌ. పదార్థాల భౌతిక స్థితిని పట్టించుకోకపోవడం వల్ల వచ్చింది.

ఈ 132 కి.జౌ. బడి లెక్కకే పరిమితం కాదు. ఇంజిన్ నుంచి నీరు ఆవిరిగానే బయటికి పోతుంది, కాబట్టి ఆ ఉష్ణం పనికి రాదు. ద్రవ ఇథనాల్ మండి నీటి ఆవిరి ఏర్పడితే మోల్‌కు 1367 − 132 = 1235 కి.జౌ. వస్తాయి. లీటరు ఇథనాల్ బరువు 789 గ్రాములు, అంటే 17.1 మోళ్లు. లీటరుకు సుమారు 21 మెగాజౌళ్లు. పెట్రోల్‌కు ఇదే లెక్కన 32 మెగాజౌళ్ల దాకా వస్తాయి. మన బంకుల్లో ఇప్పుడు అమ్ముతున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో లీటరుకు ఉష్ణం సుమారు 7 శాతం తక్కువన్న మాట ఈ అంకెల నుంచే వస్తుంది.

సగటు అంటే దేని సగటు

C–H బంధ శక్తి 413 అని రాస్తాం కానీ, మీథేన్‌లోని నాలుగు బంధాలను ఒకదాని తర్వాత ఒకటి తెంచుతూ పోతే నాలుగు వేర్వేరు విలువలు వస్తాయి: సుమారు 439, 462, 424, 338 కి.జౌ. ఒక హైడ్రోజన్ ఊడిపోయాక మిగిలేది మీథేన్ కాదు, మిథైల్ రాడికల్. దానిలో మిగిలిన బంధాల బలం వేరు. నాలుగూ కలిపితే 1663. నాలుగుతో భాగిస్తే 416.

ఆసక్తికరమైన సంగతేమిటంటే, ఈ సగటును రాబట్టింది కూడా ఎంథాల్పీ చక్రంతోనే. గ్రాఫైట్‌ను వాయు కార్బన్ పరమాణువులుగా మార్చడానికి 716.7 కి.జౌ. కావాలి. హైడ్రోజన్ అణువుల నుంచి నాలుగు మోళ్ల హైడ్రోజన్ పరమాణువులకు 4 × 218.0 = 872.0. మీథేన్ సంఘటన ఎంథాల్పీ −74.8. మీథేన్ నుంచి వెనక్కి మూలకాల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి పరమాణువులుగా మారిస్తే 74.8 + 716.7 + 872.0 = 1663.5 కి.జౌ. అంటే బంధ శక్తుల పట్టిక విడిగా పుట్టినదేం కాదు. ఉష్ణమాపకాల్లో, వర్ణపటాల్లో కొలిచిన విలువలను ఇలా బంధాలకు పంచి, అనేక సమ్మేళనాల మీద సగటు తీస్తే వచ్చిన పట్టిక అది. మీథేన్ సగటు 416, పట్టికలోని సాధారణ విలువ 413 ఒకటి కాకపోవడానికి కారణమిదే.

అందుకని ఒకే పట్టికలోని విలువలన్నీ ఒక లెక్కలో వాడాలి. ఒక పుస్తకం నుంచి C–H, మరో పుస్తకం నుంచి C–C తీసుకుంటే చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. ఆ తేడాలు ఎంత దెబ్బ తీస్తాయన్నది జవాబు పరిమాణం మీద ఆధారపడుతుంది. దహనంలో జవాబు వెయ్యికి పైన ఉంటుంది కాబట్టి పది కిలోజౌళ్ల తేడా కనిపించదు. ఇథిలీన్‌కు హైడ్రోజన్ చేర్చి ఈథేన్ చేసే చర్యను చూడండి. తెగేవి ఒక C=C (612), ఒక H–H (436), మొత్తం 1048. ఏర్పడేవి ఒక C–C (347), రెండు C–H (826), మొత్తం 1173. జవాబు −125 కి.జౌ. కొలిచిన విలువ −137. తేడా 12 కిలోజౌళ్లే అయినా దాదాపు 9 శాతం పొరపాటు. రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాను వెతికే లెక్కలన్నిటిలోనూ ఇదే ఇబ్బంది.

స్పిరిట్ దీపం ఇచ్చే విలువ

కాలేజీ ప్రయోగశాలలో ఇదే చర్యను స్పిరిట్ దీపంతో చేస్తారు. దీపాన్ని తూచి, దాని మీద 100 గ్రాముల నీళ్లున్న రాగి పాత్ర పెట్టి, నీరు 20 డిగ్రీలు వేడెక్కాక ఆర్పి మళ్లీ తూస్తారు. నీరు పుచ్చుకున్న ఉష్ణం 100 × 4.18 × 20 = 8360 జౌళ్లు, అంటే 8.36 కి.జౌ. దీపం 0.46 గ్రాములు తగ్గిందనుకుందాం. ఇథనాల్ మోలార్ ద్రవ్యరాశి 46 గ్రాములు కనుక అది 0.010 మోల్. మోల్‌కు −836 కి.జౌ. అసలు విలువలో అరవై శాతం మాత్రమే.

మిగతాది ఎక్కడికి పోయిందో గుర్తుపట్టడం కష్టం కాదు. మంట పక్కనుంచి లేచే వేడి గాలి చేతికే తగులుతుంది. అది పాత్రకు అందని ఉష్ణం. పాత్ర అడుగున నల్లటి మసి పట్టిందంటే కార్బన్ కొంత పూర్తిగా మండలేదు. దీపం ఆర్పి తూచేలోపు వత్తి నుంచి స్పిరిట్ ఆవిరైతే మండని ఇంధనాన్ని కూడా మండినట్టే లెక్కేస్తాం. పాత్ర లోహం పుచ్చుకున్న వేడినీ లెక్కలో చేర్చలేదు. ఈ నాలుగు లోపాలూ జవాబును ఒకే వైపుకు, అంటే తక్కువకే నెడతాయి. అందుకే ప్రయోగాన్ని పదిసార్లు చేసి సగటు తీసినా అసలు విలువ రాదు.

కచ్చితమైన కొలతకు బాంబ్ కెలోరిమీటర్ వాడతారు. అందులో ఇథనాల్ ఆక్సిజన్ పీడనం కింద మూసిన ఉక్కు పాత్రలో మండుతుంది. ఘనపరిమాణం మారదు కాబట్టి అక్కడ వచ్చేది ఎంథాల్పీ కాదు, అంతర్గత శక్తి మార్పు. ద్రవ ఇథనాల్ దహనంలో మూడు మోళ్ల వాయువు పోయి రెండు మోళ్ల వాయువు వస్తుంది. ఒక మోల్ తగ్గుదలకు సవరణ RT, అంటే 2.5 కి.జౌ. కొలిచిన −1364.3కి ఆ సవరణ చేస్తేనే −1366.8 వస్తుంది.

బెంజీన్ దగ్గర తప్పే లెక్క

స్థితులను సరిచూసుకుని, ఒకే పట్టిక వాడి, బంధాలు సరిగ్గా లెక్కించినా కొన్ని అణువుల విషయంలో జవాబు దారుణంగా తప్పుతుంది. అలాంటి చోట లెక్కలో కాక అణువు గురించి మనం అనుకున్న దానిలో లోపముంటుంది. ఆ దృష్టితో చూస్తే బంధ శక్తుల పద్ధతి బాగా పనికొచ్చేది అది విఫలమైన చోటే.

1865లో కెకులే బెంజీన్‌కు ఆరు కార్బన్‌ల వలయాన్ని ప్రతిపాదించాడు. అందులో ఒకటి విడిచి ఒకటి చొప్పున మూడు ద్విబంధాలుంటాయన్న బొమ్మనే ఇప్పటికీ గీస్తాం. ఆ బొమ్మను నమ్మి, బెంజీన్‌కు మూడు హైడ్రోజన్ అణువులు చేర్చి సైక్లోహెక్సేన్ చేస్తే ఎంత ఉష్ణం రావాలో లెక్కేద్దాం. తెగేవి మూడు C=C, మూడు H–H: 1836 + 1308 = 3144. ఏర్పడేవి మూడు C–C, ఆరు C–H: 1041 + 2478 = 3519. ΔH = −375 కి.జౌ.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కిస్టియకోవ్‌స్కీ, ఆయన సహచరులు హైడ్రోజనీకరణ ఉష్ణాలను నేరుగా కొలిచారు. 1936లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం బెంజీన్ ఆవిరి విషయంలో వచ్చింది సుమారు −208 కి.జౌ. మాత్రమే. సగటు విలువల లోపమేమోనన్న అనుమానాన్ని కూడా ఆ కొలతలే తీర్చేశాయి. ఒకే ద్విబంధమున్న సైక్లోహెక్సీన్‌కు −120 కి.జౌ. వచ్చింది. వలయం అదే, కార్బన్‌లు అన్నే. మూడు ద్విబంధాలుంటే −360 రావాలి. వచ్చిన దానికీ రావలసిన దానికీ తేడా 152 కి.జౌ. ఇథిలీన్ లెక్కలో చూసిన 12 కిలోజౌళ్ల పొరపాటుతో పోలిస్తే ఇది చాలా పెద్దది.

దీని అర్థం బెంజీన్ అణువు కెకులే బొమ్మలోని అణువు కన్నా 152 కి.జౌ. కింద ఉందని. ఎలక్ట్రాన్లు మూడు ద్విబంధాలకు పరిమితం కాకుండా వలయమంతా పరుచుకుని ఉండటం వల్ల ఆ స్థిరత్వం వచ్చింది. దీన్ని రెజొనెన్స్ శక్తి అంటారు. బంధ శక్తుల లెక్కతో పోలిస్తే తేడా 167 కి.జౌ., సైక్లోహెక్సీన్‌తో పోలిస్తే 152. దేనితో పోల్చామన్న దాన్ని బట్టి అంకె మారుతుంది కాబట్టి రెజొనెన్స్ శక్తి ఎంతో చెప్పేటప్పుడు పోలిక దేనితోనో కూడా చెప్పాలి.

బెంజీన్ ఉన్న లెక్కలో సంఘటన విలువలు ఇస్తే మాత్రం ఇబ్బంది ఉండదు. వాయు స్థితిలో బెంజీన్ సంఘటన ఎంథాల్పీ +82.9, సైక్లోహెక్సేన్‌కు −123.1. చక్రం వేస్తే −123.1 − 82.9 = −206 కి.జౌ., కొలిచిన దానికి పక్కనే ఉంది. ఆ విలువలు అసలు అణువును మండించి రాబట్టినవి. ఎలక్ట్రాన్లు పరుచుకోవడం వల్ల వచ్చిన స్థిరత్వం వాటిలో ముందే కలిసి ఉంది. బంధ శక్తులకు ఆ అవకాశం లేదు, ఎందుకంటే ఒక బంధం పక్కన మరేముందో వాటికి తెలియదు.

దీనికి వ్యతిరేక దిశలో తప్పే అణువులూ ఉన్నాయి. సైక్లోప్రొపేన్‌లో మూడు కార్బన్‌లు త్రిభుజంగా కట్టుబడి, బంధాల మధ్య కోణం 60 డిగ్రీలకు నొక్కుకుపోయి ఉంటుంది. వాయు స్థితిలో అది మండితే 2091 కి.జౌ., అంటే ఒక్కో CH₂కు 697 కి.జౌ. వెలువడతాయి. ఆ బిగింపు లేని సైక్లోహెక్సేన్‌లో ఒక్కో CH₂కు 659 మాత్రమే. ప్రతి CH₂కు 38 చొప్పున మూడింటికీ కలిపి 114 కి.జౌ. అదనంగా వచ్చాయి. సైక్లోప్రొపేన్‌లోని C–C బంధానికి పట్టికలోని 347 వాడితే ఆ 114 కి.జౌ. లెక్కలోకి రావు.